సోటెర్న్ చాక్లెట్ కేక్‌తో ఎందుకు పుల్లబడింది? తీపి వైన్లలో దేన్ని దేనితో పోయాలి?

ప్రశ్న: "సోటెర్న్ అరసీసా (375 మి.లీ.) తెరిచి చాక్లెట్ కేక్‌తో ఇచ్చాను. విడిగా తాగితే తేనెలా ఉన్న వైన్, కేక్ తిన్నాక నిమ్మనీళ్ళలా పుల్లగా, పలచగా తగిలింది. సీసా పాడైపోయిందా? నా దగ్గర ఇంకో సోటెర్న్ అరసీసా, ఒక లేట్ హార్వెస్ట్ రీస్లింగ్ (750 మి.లీ., 8 శాతం ఆల్కహాల్), ఒక ఎల్‌బీవీ పోర్ట్ ఉన్నాయి. వచ్చే వారం ఎనిమిది మందికి భోజనం పెడుతున్నాను. ఏది దేనితో, ఎంత చల్లగా, ఎంతెంత పోయాలి? మిగిలింది ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది?"

సీసాకేం కాలేదు. విడిగా తాగినప్పుడు బాగుందని మీరే రాశారు కదా, పాడైన వైన్ అలా ఉండదు. కుదరనిది జోడీ. వైన్ పక్కన పెట్టే పదార్థం వైన్ కంటే తక్కువ తీపిగా ఉండాలి. మీ కేక్ వైన్‌ని దాటిపోయింది. వచ్చే వారానికి సోటెర్న్‌ని నీలి చీజ్‌తో పెట్టండి, చాక్లెట్‌ని ఎల్‌బీవీ పోర్ట్‌కి వదిలేయండి, రీస్లింగ్‌ని చివరికి కాకుండా భోజనం మొదట్లోనే పోసేయండి. కొలతలు, వేళలు కింద రాస్తాను. ముందు కారణం చెప్పాలి, ఎందుకంటే అది తెలిస్తే రేపు వేరే సీసా చేతికొచ్చినా ఏం చేయాలో మీకే తోస్తుంది.

నాలుక దేన్నీ విడిగా కొలవదు, అంతకుముందు తగిలిన రుచితో పోల్చి చూస్తుంది. బాగా తీపి తిన్న నోటికి కాఫీలో వేసిన చక్కెర ఆనదు. వైన్‌కీ అదే గతి. కేక్ తీపికి అలవాటు పడ్డ నోటికి సోటెర్న్‌లో ఉన్న తీపి కనబడదు, అయితే అందులోని పులుపు ఎక్కడికీ పోదు. తీపి వైన్ వెగటు పుట్టకుండా ఉండేదే ఆ పులుపు వల్ల. తీపి అనే దుప్పటి లాగేస్తే అదొక్కటే బయటపడుతుంది. దానికి తోడు చాక్లెట్‌లోని కొవ్వు నాలుక మీద పూతలా పట్టేసి ఆప్రికాట్, తేనె, కుంకుమపువ్వు లాంటి సన్నని వాసనల్ని అందనివ్వదు.

తీపి ఎలా మిగిలిందన్నదే అసలు సంగతి

ద్రాక్షరసంలో చక్కెరను ఈస్ట్ తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. లీటరుకు దాదాపు 17 గ్రాముల చక్కెర ఖర్చయితే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంచుకుంటే తీపి వైన్లన్నీ అర్థమవుతాయి. మామూలు వైన్‌లో ఈస్ట్ చక్కెరంతా తినేస్తుంది. తీపి వైన్‌లో కొంత మిగలాలి. అందుకు రెండు దార్లు. రసాన్ని ఈస్ట్ తినలేనంత చిక్కగా చేయడం ఒకటి, ఈస్ట్ పనిని మధ్యలో ఆపేయడం రెండోది.

సోటెర్న్ మొదటి దారిది. ఫ్రాన్స్‌లో బోర్డోకి దక్షిణాన సిరోన్ అనే చన్నీళ్ళ వాగు గరోన్ నదిలో కలుస్తుంది. శరదృతువులో ఆ రెండు నీళ్ళ వేడిలో ఉన్న తేడా వల్ల తెల్లవారేసరికి పొగమంచు కమ్ముతుంది, మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది. పొద్దుటి తేమకు బోట్రైటిస్ అనే బూజు ద్రాక్ష మీద పెరిగి తొక్కకు సన్నటి రంధ్రాలు చేస్తుంది. మధ్యాహ్నపు ఎండకు ఆ రంధ్రాల గుండా నీరు ఆవిరైపోతుంది. పండు ముడతలు పడి, చక్కెర, పులుపు చిక్కబడి, పైగా బూజు తన వంతుగా ఆప్రికాట్, తేనె, అల్లం వాసనలు చేరుస్తుంది. ఎండ రాకుండా వానలు పట్టుకుంటే అదే బూజు పంటను కుళ్ళబెట్టేస్తుంది. సోటెర్న్‌లో అందరికంటే పేరున్న షాటో డికెమ్ 2012 పంటకు తన తీపి వైన్ అసలు విడుదలే చేయలేదు. బూజు అన్ని పండ్లకూ ఒకేసారి పట్టదు గనుక కోసేవాళ్ళు ఒకే తీగ దగ్గరికి వారాల తరబడి మళ్ళీ మళ్ళీ వచ్చి ఏరుకోవాలి. ఈ వైన్ అరసీసాల్లో, అంత ధరకు ఎందుకు వస్తుందో ఇప్పుడు తెలుస్తుంది.

ఇలా వచ్చిన రసంలో లీటరుకు 350 గ్రాముల చక్కెర ఉందనుకుందాం. 14 శాతం ఆల్కహాల్ వచ్చేసరికి 14 × 17, అంటే 238 గ్రాములు ఖర్చు. అక్కడికి ఈస్ట్ అలసిపోతుంది, తయారీదారు కూడా చల్లబరచి, సల్ఫర్ వేసి ఆపేస్తాడు. మిగిలింది 112 గ్రాములు. చాలా సోటెర్న్‌లు 100 నుంచి 150 గ్రాముల మధ్యే ఉంటాయి.

చిక్కబరిచే ఈ దారిలో ఇంకొన్ని ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను. హంగరీలో టొకాయి అసూ కూడా ఈ బూజు పట్టిన ద్రాక్షదే. జర్మనీ ఐస్‌వైన్‌కి తీగ మీదే గడ్డకట్టిన ద్రాక్షను మైనస్ 7 డిగ్రీలు, అంతకంటే తక్కువ చలిలో కోసి, గడ్డగానే పిండుతారు. నీరు మంచుగా లోపలే ఉండిపోతుంది, చిక్కటి రసం బయటికొస్తుంది. కెనడాలో ఆ హద్దు మైనస్ 8. ఇటలీలో విన్ సాంతోకి ద్రాక్షను గదుల్లో ఆరబెడతారు. స్పెయిన్‌లో పెడ్రో హిమేనెస్ ద్రాక్షను ఎండలో చాపల మీద ఎండబెట్టి, కిస్మిస్ అయ్యాక పిండుతారు. చివరిదానిలో లీటరుకు 400 గ్రాములదాకా చక్కెర ఉండటం మామూలే. గ్లాసు వంచితే పాకంలా జారుతుంది.

లేట్ హార్వెస్ట్ అన్న మాటను నమ్మి మోసపోకండి

ఆ మాటకు అర్థం ఆలస్యంగా కోశారని మాత్రమే. పండు బాగా ముగ్గింది, చక్కెర ఎక్కువ చేరింది. ఆ చక్కెరను మిగిల్చారా, ఈస్ట్‌కి వదిలేశారా అన్నది వేరే విషయం. జర్మనీలో ష్పేట్‌లేజె అంటే అక్షరాలా ఆలస్యపు కోత, అయినా దాని పక్కన ట్రోకెన్ అని ఉంటే తీపి లేని వైన్. అల్సాస్‌లో వాందాంజ్ టార్దీవ్ కూడా ఒక్కో సీసా ఒక్కో తీపి.

లేబుల్ మీద చక్కెర అంకె లేకపోతే ఆల్కహాల్ శాతం చూడండి. మీ రీస్లింగ్ 8 శాతం అన్నారు. ముగ్గిన రీస్లింగ్ రసంలో లీటరుకు 220 గ్రాముల చక్కెర ఉందనుకుంటే 8 × 17, అంటే 136 ఖర్చయింది, 84 మిగిలింది. తీపి వైనే, అనుమానం అక్కర్లేదు. అదే సీసా మీద 12.5 శాతం ఉంటే 212 ఖర్చయినట్టు, మిగిలింది ఏమీ లేనట్టే. ఈ చిట్కా ఫోర్టిఫైడ్ వైన్లకు పనికిరాదు, ఎందుకంటే వాటిలో ఆల్కహాల్ బయటి నుంచి వచ్చి చేరుతుంది. సోటెర్న్ లాంటివాటికీ పనికిరాదు, అక్కడ రసం మొదటినుంచే అంత చిక్కన.

మీ రీస్లింగ్ తీపిలోనూ బరువులోనూ సోటెర్న్ కంటే కింది మెట్టు, పులుపులో పై మెట్టు. సోటెర్న్ తాగాక దీన్ని పోస్తే మీ చాక్లెట్ కేక్ కథే మళ్ళీ జరుగుతుంది. అందుకే దాన్ని ముందుకు జరపమన్నాను.

ఫోర్టిఫైడ్: ఈస్ట్‌ని మధ్యలో ఆపడం

పోర్ట్ తయారీలో పులియడం మొదలై రెండు మూడు రోజులయ్యేసరికి, చక్కెర దాదాపు సగం అయిపోగానే ద్రాక్షతో చేసిన 77 శాతం స్పిరిట్ పోస్తారు. ఆల్కహాల్ ఒక్కసారిగా పెరిగి ఈస్ట్ చచ్చిపోతుంది, చక్కెర అలాగే ఉండిపోతుంది. పాత లెక్క ఒకటుంది: 435 లీటర్ల పులుస్తున్న రసానికి 115 లీటర్ల స్పిరిట్, మొత్తం 550 లీటర్లు, ఒక పీపా. రసం అప్పటికి 6 శాతానికి చేరిందనుకుంటే అందులో 26 లీటర్ల ఆల్కహాల్, స్పిరిట్‌లో దాదాపు 89 లీటర్లు. మొత్తం 115 లీటర్లను 550తో భాగిస్తే 21 శాతం. రసంలో అప్పటికి లీటరుకు 120 గ్రాముల చక్కెర మిగిలి ఉంటే, స్పిరిట్ కలిసి పలచనయ్యాక అది 95 గ్రాములు అవుతుంది.

చూశారా, పోర్ట్‌లో చక్కెర సోటెర్న్ కంటే ఎక్కువేం కాదు, ఒక్కోసారి తక్కువే. మరి చాక్లెట్ ముందు పోర్ట్ ఎలా నిలుస్తుంది? రెండు మూడు రోజుల్లోనే రంగు, వగరు అంతా తొక్కల్లోంచి లాగేయాలి కాబట్టి ద్రాక్షను బాగా తొక్కుతారు. ఇప్పటికీ కొన్నిచోట్ల రాతి తొట్లలో కాళ్ళతోనే. అలా వచ్చిన వగరు చాక్లెట్ చేదుకు సరిజోడు. 20 శాతం ఆల్కహాల్ కూడా నాలుకకు కొంత తీపిగానే తోస్తుంది, పైగా కొవ్వు పూతను కోసుకుంటూ పోతుంది. సోటెర్న్‌తో పోలిస్తే పులుపు పొడుచుకు రాదు. కాబట్టి చక్కెర అంకె ఒక్కటే చూసి జోడీ కుదర్చకూడదు, పులుపు, వగరు, ఆల్కహాల్ కూడా లెక్కలోకి రావాలి.

పోర్ట్‌లో రెండు కుటుంబాలున్నాయి, ఈ తేడా మీ చివరి ప్రశ్నకు పనికొస్తుంది. రూబీ, ఎల్‌బీవీ, వింటేజ్ అనేవి గాలి తగలకుండా కాపాడినవి. నల్లటి పండ్ల రుచి, ముదురు రంగు. ఎల్‌బీవీ అంటే లేట్ బాటిల్డ్ వింటేజ్, కోసిన నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య సీసాకెత్తిన ఒకే ఏటి పోర్ట్. టానీ అలా కాదు, ఏళ్ళ తరబడి చెక్కపీపాల్లో గాలి పీలుస్తూ పడి ఉంటుంది. రంగు వెలిసి గోధుమవన్నెకు తిరుగుతుంది, వేయించిన గింజలు, కాల్చిన చక్కెర రుచి వస్తుంది. మదీరా అయితే ఇంకో అడుగు ముందుకేసి, వేడి కూడా తినిపించిన వైన్. దాన్ని పాడుచేయడం దాదాపు ఎవరి వల్లా కాదు.

దేనితో ఏది

సోటెర్న్‌కి నా మొదటి ఓటు రోక్‌ఫోర్ లాంటి నీలి చీజ్‌కే, తీపి పదార్థానికి కాదు. చీజ్‌లోని ఉప్పు వైన్ తీపిని పైకి లేపుతుంది, వైన్‌లోని పులుపు చీజ్ కొవ్వును కడిగేస్తుంది, పోటీపడే చక్కెర అక్కడ లేదు. మనిషికి 25 గ్రాములు చాలు, ఎనిమిది మందికి 200 గ్రాముల ముక్క. వడ్డించడానికి గంట ముందే ఫ్రిజ్‌లోంచి తీయండి, చల్లటి చీజ్ మైనంలా ఉంటుంది. పక్కన ఏ రుచీ లేని మామూలు బ్రెడ్, వేయించిన వాల్‌నట్. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: చీజ్ మీద తేనె చుక్కలు వేయడం. అందంగా ఉంటుంది కానీ, తేనె వైన్ కంటే ఎన్నో రెట్లు తీపి. చాక్లెట్ కేక్ చేసిన పనే అదీ చేస్తుంది.

తీపి పదార్థమే కావాలంటే క్రెమ్ బ్రూలే బాగా కుదురుతుంది. దాని లెక్క చూద్దాం. 500 గ్రా. క్రీమ్, ఐదు పచ్చసొనలు అంటే 90 గ్రా., చక్కెర 75 గ్రా. మొత్తం 665 గ్రాములకు 75, అంటే కిలోకు 113 గ్రాములు. మీ సోటెర్న్‌కి దగ్గర్లోనే ఉంది, చల్లగా వడ్డిస్తాం కాబట్టి తీపి ఇంకా తగ్గి తెలుస్తుంది. పైన కాల్చే చక్కెర పలచగా వేయాలి. అదే మామూలు క్రీము పూసిన చాక్లెట్ కేక్ అయితే కిలోకు 350 గ్రాములు సులువుగా దాటుతుంది. ఏ వంటకమైనా చక్కెర బరువును మొత్తం బరువుతో భాగించి చూస్తే ప్రమాదం ముందే తెలుస్తుంది. పండ్లు, చాక్లెట్ వేసేవాటిలో వాటిలోపలి చక్కెర కూడా కలపాలి. ఇది ఉజ్జాయింపు లెక్క అన్నది మరవకండి. చేదు, కొవ్వు, చల్లదనం తీపిని అణుస్తాయి, నిమ్మరసం వైన్ పులుపును మింగేస్తుంది. నిమ్మ టార్ట్ పక్కన సోటెర్న్ చప్పగా, జిడ్డుగా ఉంటుంది. అంత పులుపుకు ఎదురు నిలిచేది రీస్లింగ్ ఐస్‌వైనే. ముందురోజు ఒక చెంచా తిని ఒక గుటక తాగి చూడగలిగితే లెక్కలన్నిటికంటే అదే నయం. ఆప్రికాట్, పియర్ టార్ట్ చేసేట్టయితే రోజూ వేసే చక్కెరలో నాలుగో వంతు తగ్గించి, పక్కన తీపి కలపని క్రీమ్ పెట్టండి.

ఎల్‌బీవీకి 70 శాతం చాక్లెట్‌తో చేసిన గనాష్ టార్ట్. 300 గ్రాముల చాక్లెట్‌లో దాదాపు 90 గ్రాముల చక్కెర ఉంటుంది. 300 గ్రాముల క్రీమ్ కలిపితే కిలోకు 150 గ్రాములు. అంకె పోర్ట్ కంటే ఎక్కువే, కానీ చాక్లెట్ చేదు, క్రీమ్ కొవ్వు దాన్ని దించేస్తాయి కాబట్టి నోట్లో పోర్టే తీపిగా ఉంటుంది. గనాష్‌లో వేరే చక్కెర వేయకండి. పుల్ల చెర్రీలు, రాస్‌బెర్రీలు పక్కన పెడితే ఇంకా బాగుంటుంది. మిల్క్ చాక్లెట్ మాత్రం వద్దు, చేదు లేదు, చక్కెర రెట్టింపు. పోర్ట్ లేనప్పుడు ఫ్రాన్స్ బన్యుల్స్ ఇదే పనికి వస్తుంది. టానీ ఉంటే దాన్ని చాక్లెట్‌కి కాకుండా బాదం టార్ట్‌కి, కారమెల్‌కి, బాగా ముదిరిన గట్టి చీజ్‌కి ఉంచండి. ఐస్‌క్రీమ్‌తో ఏ వైనూ నిలవదు, చలికి నాలుక మొద్దుబారుతుంది. పెడ్రో హిమేనెస్ ఒక్కటే మినహాయింపు, అదీ గ్లాసులో కాదు, వెనిలా ఐస్‌క్రీమ్ మీద ఒక పెద్ద చెంచా పోస్తే.

రీస్లింగ్‌ని కారం తగిలే చిరువంటకంతోనో, లివర్ పాతేతోనో మొదట పోయండి. తీపి కారాన్ని చల్లారుస్తుంది, 8 శాతమే కాబట్టి ఆల్కహాల్ మంటను పెంచదు. ఇదే కారంతో పోర్ట్ ఇస్తే నోరు భగ్గుమంటుంది.

చల్లదనం

చల్లబరిచేకొద్దీ తీపి అణిగి పులుపు తేలుతుంది, వేడెక్కేకొద్దీ తీపి వెగటవుతుంది, ఆల్కహాల్ ముక్కుకు కొడుతుంది. రీస్లింగ్‌కి 7 నుంచి 9 డిగ్రీలు, సోటెర్న్‌కి 9 నుంచి 11. ఫ్రిజ్‌లోంచి తీసీ తీయగానే 4, 5 డిగ్రీల్లో సోటెర్న్ పోస్తే వాసనలు ముడుచుకుపోతాయి, పులుపే పైకి తేలుతుంది. కాబట్టి 15 నిమిషాల ముందు బయట పెట్టాలి. ఎల్‌బీవీకి 16 డిగ్రీలు. గది వేడిలో పోయమని పాత పుస్తకాలు అంటాయి, ఆ గది చలిదేశపు గది. 25 దాటిన గదిలో పోర్ట్ పోస్తే స్పిరిట్ వాసన తప్ప ఇంకేం రాదు. గంట, గంటన్నర ఫ్రిజ్‌లో ఉంచి తీయండి. టానీ ఇంకాస్త చల్లగా, 12 నుంచి 14.

తొందరలో ఉంటే బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్ళు. వట్టి ఐసు ముక్కల మధ్య గాలి ఉంటుంది గనుక సీసాకు చలి సరిగా తగలదు. ఐసునీళ్ళలో అయితే పెద్ద సీసాకు అరగంట, అరసీసాకు పదిహేను ఇరవై నిమిషాలు. 45 మి.లీ. వైన్ గ్లాసులో పడగానే వేడెక్కుతుంది, అందుకని అనుకున్నదానికంటే రెండు డిగ్రీలు తక్కువలోనే పోయండి. గుక్కెడు పట్టే బుల్లి లిక్కర్ గ్లాసులు వద్దు. వాసన తిరగడానికి చోటుండదు. మామూలు తెల్ల వైన్ గ్లాసే తీసుకుని నాలుగో వంతుకు మించకుండా పోస్తే సరి.

ఎనిమిది మందికి

రీస్లింగ్ మనిషికి 90 మి.లీ. పోస్తే 720, సీసా అయిపోతుంది. సోటెర్న్ అరసీసా 45 చొప్పున 360. తక్కువనిపిస్తుంది కానీ, చీజ్ ముక్కతో అది చక్కగా సరిపోతుంది. మొదటి గ్లాసు కొలకప్పుతో కొలిచి పోసి, మిగతావి ఆ మట్టానికి పోయండి, లేకపోతే ఏడో మనిషి దగ్గరే సీసా ఖాళీ అవుతుంది. ఎల్‌బీవీ 60 చొప్పున 480, 750 మి.లీ. సీసా అయితే ఇంకా 270 మిగులుతుంది. మూడు వైన్లూ కలిసి ఒక్కొక్కరికి ఇచ్చే ఆల్కహాల్ 20 గ్రాములు, భోజనం మధ్యలో వేరే వైన్ పోస్తే అది అదనం. బండి నడిపేవాళ్ళకు ముందే చెప్పండి.

ఎల్‌బీవీ సీసా మూత చూడండి. పైన ప్లాస్టిక్ టోపీ ఉండి చేత్తో లాగితే వచ్చే కార్క్ అయితే అది సాధారణంగా వడకట్టినది, నేరుగా పోయొచ్చు. స్క్రూ దించి లాగాల్సిన పొడవాటి కార్క్ ఉండి, లేబుల్ మీద వడకట్టలేదని రాసి ఉంటే అడుగున మడ్డి ఉంటుంది. ముందురోజే సీసా నిలబెట్టి ఉంచండి. వడ్డించే గంట ముందు, సీసా మెడ వెనక టార్చి వెలుగు పెట్టుకుని ఒకే ధారగా జగ్గులోకి వంచి, మడ్డి మెడదాకా రాగానే ఆపేయాలి. మధ్యలో నిలబెట్టి మళ్ళీ వంచితే అంతా కలిసిపోతుంది.

వేళలు ఇలా: ముందురోజు రీస్లింగ్, సోటెర్న్ ఫ్రిజ్‌లోకి, పోర్ట్ నిలువుగా. భోజనం మొదలయ్యే ముందు రీస్లింగ్ తీసి పోయడమే. అసలు వంటకం నడుస్తుండగా పోర్ట్‌ని ఫ్రిజ్‌లోకి, చీజ్‌ని బయటికి. వంటకం పళ్ళేలు తీసేటప్పుడు సోటెర్న్ బయటికి. ముందు చీజ్‌తో సోటెర్న్, తర్వాత చాక్లెట్‌తో పోర్ట్. ఈ వరస తిప్పకండి. పోర్ట్ తర్వాత సోటెర్న్ నీళ్ళే.

మిగిలితే

గాలిని ముందే చూసిన వైన్ తెరిచాక నిలుస్తుంది, చూడనిది త్వరగా వాడిపోతుంది. ఎల్‌బీవీ రెండో రకం. 20 శాతం ఉంది కదా అని అల్మారాలో నెలల తరబడి ఉంచేస్తారు, అది చెడదు కానీ పండు రుచి పోయి చప్పబడుతుంది. ఫ్రిజ్‌లో వారం, మహా అయితే పది రోజులు. మీకు మిగిలే 270 మి.లీ.ని అప్పుడే కడిగిన చిన్న సీసాలోకి మెడదాకా నింపి మూతపెడితే ఇంకాస్త నయం. వింటేజ్ పోర్ట్ రెండు మూడు రోజులే. టానీ మూడు నాలుగు వారాలు. మదీరా నెలలు. సోటెర్న్ చక్కెర, పులుపు రెండూ ఉండటం వల్ల ఫ్రిజ్‌లో ఐదారు రోజులు బాగుంటుంది, రీస్లింగ్ నాలుగైదు. పోర్ట్‌ని ఫ్రిజ్‌లోంచి తీశాక పోసి పది నిమిషాలు ఆగి తాగండి.

నిజంగా చెడిన సీసాను ఎలా గుర్తుపట్టాలో కూడా చెప్పేస్తాను, మొదటి అనుమానం అదే కాబట్టి. సోటెర్న్ పాతబడితే బంగారువన్నె నుంచి కాషాయం, తేనెరంగుకు తిరగడం మామూలే. రంగు ముదిరి, మెరుపు పోయి, వాసన కోసిపెట్టి నల్లబడిన ఆపిల్‌లా ఉంటే గాలి పట్టేసినట్టు. గోళ్ళరంగు వాసన లీలగా ఉంటే కంగారు పడనక్కర్లేదు, బూజు వైన్లలో కొంత సహజం. కళ్ళు చెమర్చేంత ఉంటే లోపమే. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే కార్క్ దోషం, అది ఎంతసేపుంచినా పోదు. నురగ రాకూడని వైన్‌లో బుడగలు లేచి, మసకగా ఉంటే మిగిలిన చక్కెర మీద ఈస్ట్ సీసాలో మళ్ళీ పనిచేసినట్టు. అడుగున గాజుపెంకుల్లా మెరిసే పలుకులు మాత్రం టార్టార్ స్ఫటికాలు, చలికి ఏర్పడతాయి, ఏ హానీ లేదు.